ఎనిమిది గంటలకో మాత్ర: నైట్ డ్యూటీలో, ప్రయాణంలో ఆ లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా

పంటి కింద చీము పట్టి, ఐదు రోజులకు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రాయించుకున్న ఒకతను మూడో రోజున నా దగ్గరికి వచ్చాడు. నేను ఫార్మసిస్టుని. "రోజుకు మూడు చొప్పున ఒక్కటి కూడా మానకుండా వేసుకుంటున్నాను సార్. పొద్దున్నే డ్యూటీ దిగేటప్పుడు కాస్త నయంగా ఉంటుంది. నిద్ర లేచేసరికి మళ్లీ సలుపు" అన్నాడు. స్ట్రిప్పు చూశాను. మాత్రల లెక్క సరిగ్గానే ఉంది. ఏ టైముకు వేసుకుంటున్నారని అడిగితే, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్నాడు. మీ పొద్దున ఎన్నింటికి అని మళ్లీ అడిగాను.

అతని పొద్దున సాయంత్రం నాలుగింటికి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా డ్యూటీ కాబట్టి నిద్ర లేచేది అప్పుడే. లేవగానే తిని ఒక మాత్ర, డ్యూటీకి బయల్దేరే ముందు తొమ్మిదింటికి తిని ఇంకొకటి, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు బ్రేక్‌లో మూడోది. ఆ తర్వాత మళ్లీ సాయంత్రం నాలుగింటికే. అంటే మాత్రకీ మాత్రకీ మధ్య ఐదు గంటలు, నాలుగు గంటలు, ఆ తర్వాత ఏకంగా పదిహేను గంటలు. డాక్టరు చెప్పింది అక్షరాలా పాటించాడు. "రోజుకు మూడుసార్లు" అన్న మాటలోనే ఆ తేడా దాగి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

అమాక్సిసిలిన్ లాంటి మందు విషయంలో "రోజుకు మూడుసార్లు" అంటే "ఎనిమిది గంటలకోసారి" అనే అర్థం చేసుకోవాలి. పగలు పనిచేసి రాత్రి పడుకునేవాళ్లకు ఈ రెండు మాటలూ దాదాపు ఒకటే అవుతాయి కాబట్టి తేడా బయటపడదు. షిఫ్టు మారినప్పుడో, విమానం ఎక్కినప్పుడో పడుతుంది.

మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుంది

అమాక్సిసిలిన్ మాత్ర వేసుకున్నాక గంట, రెండు గంటల మధ్య రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరుతుంది. అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. మూత్రపిండాలు బాగా పనిచేసే మనిషిలో దాదాపు గంట, గంటన్నరకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. కిడ్నీలు దాన్ని అంత వేగంగా వడకట్టి మూత్రంలోకి పంపేస్తాయి. ఇది చేరిన పెనిసిలిన్ కుటుంబం మొదటి నుంచీ ఇంతే. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు తొలిసారి పెనిసిలిన్ ఎక్కించినప్పుడు మందు ఎంత తక్కువగా ఉండేదంటే, అతని మూత్రం సేకరించి, అందులోంచి మందును మళ్లీ తీసి, మళ్లీ అతనికే ఎక్కించారు. మందు నడిచినన్నాళ్లూ అతను కోలుకున్నాడు. అది అయిపోయాక ఇన్ఫెక్షన్ తిరగబెట్టి చనిపోయాడు. మూత్రంలోంచి తిరిగి తీయగలిగేంత మందు బయటికి పోతోందంటే ఒంట్లో అది ఎంత కొద్దిసేపు నిలుస్తుందో అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. అంకెలు సులువుగా ఉండేందుకు కొన్ని అనుకుందాం. మాత్ర వేసుకున్న గంటన్నరకు రక్తంలో మందు 8 పాళ్లకు చేరింది. ఆ బాక్టీరియా ఎదగకుండా ఆపాలంటే కనీసం 1 పాలు ఉండాలి. గంటకోసారి సగం తగ్గుతుంది. రెండున్నర గంటలకు 4, మూడున్నరకు 2, నాలుగున్నరకు 1. అంటే ఒక మాత్ర సుమారు నాలుగున్నర గంటలు కాపలా కాస్తుంది. ఎనిమిది గంటలకోసారి వేసుకుంటే ప్రతి ఎనిమిదింటిలో నాలుగున్నర గంటలు కాపలా, మూడున్నర గంటలు ఖాళీ.

ఆ ఖాళీ చూసి కంగారు పడక్కర్లేదు. పెనిసిలిన్ జాతి మందులు పనిచేయాలంటే డోసుకీ డోసుకీ మధ్య ఉన్న సమయంలో సుమారు 40 నుంచి 50 శాతం ఆ కనీస మోతాదు పైన ఉంటే చాలని పరిశోధనల్లో తేలింది. మన లెక్కలో అది సగం కన్నా ఎక్కువే వచ్చింది. మిగతా పని మన రోగనిరోధక శక్తి చూసుకుంటుంది. ఎనిమిది గంటల గడువు పెట్టింది కూడా ఈ లెక్క చూసుకునే.

మరి నైట్ డ్యూటీ అతని సంగతి? అతనికీ రోజుకు మూడు మాత్రలే పడుతున్నాయి కాబట్టి మొత్తం కాపలా గంటలు దాదాపు అంతే వస్తాయి. తేడా ఖాళీలో ఉంది. మూడు ఖాళీలూ మూడున్నర గంటల చొప్పున చెదిరి ఉండాల్సింది, మొత్తం ఒకచోట కుప్పపడింది. ఒంటిగంట మాత్ర కాపలా ఐదున్నరకు ముగిస్తే, సాయంత్రం నాలుగు దాకా పదిన్నర గంటలు ఎవరూ లేరు. బాక్టీరియా గంటకోసారి రెట్టింపు అవుతుందనుకోండి. మూడున్నర గంటల్లో ఒకటి పదకొండు అవుతుంది. పదిన్నర గంటల్లో ఒకటి దాదాపు 1,450 అవుతుంది. మనిషి ఒంట్లో ఇంత నిరాటంకంగా పెరగవు, రోగనిరోధక శక్తి మధ్యలో చంపుతూనే ఉంటుంది. అయినా ఖాళీ మూడింతలైతే ముప్పు మూడింతలతో ఆగదని ఈ లెక్క చూపిస్తుంది. అందుకే షిఫ్టు మనిషి రోజుకు ఎన్ని మాత్రలు పడ్డాయని మాత్రమే లెక్కపెట్టుకుంటే చాలదు. అన్నిటికన్నా పెద్ద ఎడం ఎంత వచ్చిందో కూడా చూసుకోవాలి.

ఇదే లెక్కలో ఇంకో విషయం ఉంది. మధ్యాహ్నం మాత్ర మర్చిపోయాం కాబట్టి రాత్రికి రెండు కలిపి వేసుకుంటే సరిపోతుంది అనుకుంటారు చాలామంది. రెండు మాత్రలు కలిపి వేసుకుంటే గరిష్ఠం 8 బదులు 16 అవుతుంది. 16 నుంచి 8కి దిగడానికి పట్టేది ఒక్క గంట. అంటే రెండో మాత్ర వల్ల అదనంగా దొరికిన కాపలా ఒక్క గంటే. అదే మాత్రను విడిగా వేసుకుని ఉంటే నాలుగున్నర గంటలు వచ్చేది. పైగా ఒకేసారి పెద్ద డోసు పడితే కడుపులో తిప్పడం, విరేచనాలు ఎక్కువవుతాయి. డబుల్ డోసు వద్దనేది అందుకే.

మూడు షిఫ్టులకూ సరిపోయే టైములు

మూడు షిఫ్టుల్లో నడిచే చాలాచోట్ల డ్యూటీలు ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి మారతాయి. గమనించారా, అవి సరిగ్గా ఎనిమిది గంటల దూరంలో ఉన్నాయి. ఏ షిఫ్టులో ఉన్నా ఆ మూడు టైములకూ మనిషి మెలకువగా ఉంటాడు, లేదా ఉండేలా చూసుకోవచ్చు. ఉదయం షిఫ్టు వాళ్లు ఆరింటికి డ్యూటీ ఎక్కేముందు, రెండింటికి దిగాక, పదింటికి పడుకునే ముందు వేసుకుంటారు. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకు రెండుకి ఎక్కడం, పదికి దిగడం ఎలాగూ ఉంటాయి. ఆరింటి మాత్ర ఒక్కటే కాస్త తొందరగా లేపుతుంది. దాన్ని ఏడింటికి జరిపినా ఫర్వాలేదు.

నైట్ డ్యూటీ వాళ్లకు పదింటికి ఎక్కేటప్పుడు, ఆరింటికి దిగేటప్పుడు సులువే. చిక్కంతా మధ్యాహ్నం రెండింటి మాత్రతోనే, అది నిద్ర మధ్యలో పడుతుంది కాబట్టి. ఏడున్నరకు పడుకునేవాళ్లు రెండింటికి లేచి ఉంటే సమస్య లేదు. సాయంత్రం దాకా పడుకునేవాళ్లు మొత్తం వరుసనే కాస్త జరుపుకోవడం మంచిది. మందు కోసం మనిషి నిద్ర పాడవకూడదు. మంచం పక్కన గ్లాసు నీళ్లు, ఒక్క మాత్ర పెట్టుకుని, అలారం మోగగానే మింగి మళ్లీ పడుకునేవాళ్లూ ఉన్నారు. అమాక్సిసిలిన్‌కు తిండితో పని లేదు కాబట్టి అది కుదురుతుంది. క్లావులనిక్ యాసిడ్ కలిసిన అమాక్సిసిలిన్ అయితే భోజనం మొదట్లో వేసుకోవాలి. లేకపోతే కడుపులో తిప్పుతుంది. అప్పుడు నిద్ర మధ్యలో మింగే పద్ధతి పనికిరాదు, మెలకువగా ఉండే టైములే ఎంచుకోవాలి.

నా దగ్గరికి వచ్చినతనికి రాసిచ్చింది ఇది. ఉదయం ఎనిమిదికి పడుకుంటానన్నాడు కాబట్టి పడుకునే ముందు ఎనిమిదింటికి ఒకటి, లేవగానే సాయంత్రం నాలుగింటికి ఒకటి, అర్ధరాత్రి పన్నెండింటికి డ్యూటీలో ఒకటి. నిద్ర చెడదు, తిండి టైములూ పెద్దగా మారవు, మాత్రలు అవే. తొమ్మిదింటి మాత్రను పన్నెండుకు, ఒంటిగంట మాత్రను మరునాడు ఎనిమిదికి జరపడం తప్ప ఏమీ మారలేదు. దీంతోపాటు పంటి డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్లమని కూడా చెప్పాను. చీము పట్టిన పన్నుకు లోపలి చీము బయటికి తీయడమే అసలు వైద్యం. మాత్రలు ఎంత సమంగా వేసుకున్నా ఆ పని చేయవు. సలుపు తిరగబెట్టడానికి ఆ పదిహేను గంటల ఎడం ఎంత కారణమో, లోపల మిగిలిన చీము ఎంత కారణమో విడదీసి చెప్పలేం. రెండూ సరిచేయాల్సినవే.

షిఫ్టు మారే రోజు

స్థిరంగా నైట్ డ్యూటీ చేసేవాళ్ల కన్నా, వారం మధ్యలో పగలు నుంచి రాత్రికి మారేవాళ్లకే తికమక ఎక్కువ. పన్నెండు గంటల షిఫ్టుల్లో పనిచేసే నర్సును ఊహించుకుందాం. నిన్నటి దాకా ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు. మాత్రలు ఆరు, రెండు, పది. ఈ రోజు నుంచి సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు. రేపు ఆమె ఉదయం ఎనిమిదిన్నరకు పడుకుని నాలుగింటికి లేస్తుంది. కాబట్టి ఎనిమిది, నాలుగు, అర్ధరాత్రి అనే వరుసకు చేరాలి. అంటే రెండు గంటలు వెనక్కి జరగాలి.

ఈ రెండు గంటల్నీ ఒకే ఎడంలో పెట్టకుండా పంచుకోవచ్చు. ఉదయం ఆరింటికి వేసుకున్నాక తర్వాతది మధ్యాహ్నం మూడింటికి, అంటే తొమ్మిది గంటలకు. దాని తర్వాతది అర్ధరాత్రి, మళ్లీ తొమ్మిది గంటలకు. అక్కడి నుంచి ఉదయం ఎనిమిది, సాయంత్రం నాలుగు. రెండుసార్లు గంట గంట ఎక్కువైంది, అంతే. వారం తర్వాత పగటి షిఫ్టుకు తిరిగొచ్చేటప్పుడు ముందుకు జరగాలి. ఉదయం ఎనిమిది తర్వాత మధ్యాహ్నం మూడు, రాత్రి పది, ఉదయం ఆరు. రెండు ఎడాలు ఏడేసి గంటలు, మూడోది మామూలు ఎనిమిది.

గంట అటూ ఇటూ కావడం వల్ల ఏమీ కాదు. ఎనిమిది గంటల మందుకు ఎడాలు ఆరు నుంచి పది గంటల మధ్య ఉండేలా చూసుకోమని నేను చెబుతాను. ఎటు జరపాలో తేల్చుకోలేకపోతే ముందుకు జరపడమే మేలు, అంటే ఎడం పెంచకుండా కాస్త తగ్గించడం. ఎడం తగ్గితే మందు కొద్దిసేపు ఎక్కువ ఉంటుంది. పెరిగితే కాపలా లేని గంటలు పెరుగుతాయి. తగ్గించడానికీ హద్దుంది. అమాక్సిసిలిన్, క్లావులనిక్ యాసిడ్ కలిసిన మాత్రల కరపత్రాల్లో రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలని రాసి ఉంటుంది. దానికన్నా దగ్గర చేయకూడదు.

మాత్ర టైముకు నిద్ర పట్టేసిందనుకోండి. ఉదయం ఆరింటికి వేసుకున్నారు, రెండింటిది తప్పిపోయింది, మెలకువ వచ్చేసరికి సాయంత్రం ఆరు. పన్నెండు గంటలు గడిచాయి. గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకోవాలి. తర్వాతది పదింటికే కదా, నాలుగు గంటలే ఉంది అనిపిస్తుంది. దాన్ని పదింటికి వేసుకోవచ్చు, కానీ అర్ధరాత్రి పన్నెండుకు వేసుకుంటే ఇంకా చక్కగా కుదురుతుంది. ఆరు నుంచి పన్నెండుకు ఆరు గంటలు, పన్నెండు నుంచి మరునాడు ఉదయం ఆరింటికి ఇంకో ఆరు గంటలు. పాత వరుసకు వచ్చేశారు. ఒకవేళ గుర్తొచ్చింది రాత్రి తొమ్మిదింటికి అయితే, తప్పిపోయినదాన్ని వదిలేసి, ఆ తొమ్మిదింటికి వేసుకునేదే పదింటి మాత్ర అనుకోవాలి. చివర్లో ఒక మాత్ర మిగులుతుంది. దాన్ని కోర్సు చివర వేసుకోవాలా వద్దా అన్నది రాసిన డాక్టర్‌నే అడగాలి.

విమానం ఎక్కినప్పుడు

ప్రయాణంలో అందరూ తడబడేది ఒకే ప్రశ్న దగ్గర. "అక్కడి టైము ప్రకారం వేసుకోవాలా, ఇక్కడి టైము ప్రకారమా?" రెండూ కాదు. చివరి మాత్ర మింగి ఎన్ని గంటలైంది అన్నదే చూడాలి. మూత్రపిండాలకు టైమ్ జోన్ లేదు. దేశం మారినా అవి అదే వేగంతో మందును బయటికి పంపుతూనే ఉంటాయి.

ఒక ప్రయాణం తీసుకుందాం. ఇంటి దగ్గర ఆరు, రెండు, పదికి మాత్రలు వేసుకునే ఒకావిడ తూర్పు వైపు, నాలుగు గంటలు ముందున్న చోటికి వెళ్తోంది. విమానం ఇంటి టైము ప్రకారం రాత్రి పదకొండుకు. ప్రయాణం ఏడు గంటలు. పదింటి మాత్ర బోర్డింగ్‌కు ముందే వేసుకుంది. తర్వాతది ఇంటి టైముకు ఉదయం ఆరింటికి, సరిగ్గా విమానం దిగే సమయానికి. అప్పుడు అక్కడ ఉదయం పది.

ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, దిగాక వేసుకుందాం అనుకోవడం. దిగాక ఇమ్మిగ్రేషన్ క్యూ, లగేజీ, బయట కారు వెతుక్కోవడం, గదికి చేరడం. అలా రెండు మూడు గంటలు పోతాయి. విమానం కిందికి దిగడం మొదలుపెట్టాక సీటు బెల్టు పెట్టుకోమంటారు, నీళ్లు దొరకవు. కాబట్టి దిగడానికి ముప్పావు గంట ముందే, నీళ్లు అందుబాటులో ఉన్నప్పుడు వేసుకోవాలి. ఆ మాత్ర చేతి బ్యాగులో, సీటు దగ్గరే ఉండాలి. కార్గోలో వేసిన పెట్టెలో ఉంటే, పెట్టె రావడం ఆలస్యమైనా, అసలు రాకపోయినా కోర్సు అక్కడే తెగిపోతుంది.

అక్కడ ఉదయం పది అయింది. అదే వరుస సాగిస్తే తర్వాతవి సాయంత్రం ఆరు, తెల్లవారుజాము రెండు. రెండింటికి లేవడం కష్టం. రెండు మూడు రోజులే ఉండి తిరిగొచ్చేదైతే, ఆ రెండింటి మాత్రను పన్నెండుకు జరిపి సర్దుకోవచ్చు. ఎక్కువ రోజులుంటే వరుసను అక్కడి రాత్రికి సరిపోయేలా ముందుకు తెచ్చుకోవాలి. ఉదయం పది తర్వాత ఏడు గంటలకు, అంటే సాయంత్రం ఐదుకు ఒకటి. మళ్లీ ఏడు గంటలకు అర్ధరాత్రి ఒకటి. మళ్లీ ఏడు గంటలకు ఉదయం ఏడుకు ఒకటి. ఇక అక్కడి నుంచి మామూలు ఎనిమిది గంటలు: మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు, ఉదయం ఏడు. మూడు ఎడాలు ఒక్కో గంట తగ్గించడంతో ఒక్క రోజులో కొత్త చోటు గడియారంలో కలిసిపోయింది.

ఫోన్ అలారం ఈ ప్రయాణంలో మోసం చేస్తుంది. ఈ విషయం చాలామంది గమనించరు. మధ్యాహ్నం రెండింటికి అలారం పెట్టుకున్నారనుకోండి. విమానం దిగి ఫోన్ నెట్‌వర్క్ అందుకోగానే దాని గడియారం కొత్త టైముకు మారిపోతుంది. అలారం అక్కడి రెండింటికి మోగుతుంది. తూర్పుకు నాలుగు గంటలు ముందున్న చోటికి వెళ్లినావిడకు అది అక్కడి ఉదయం పదింటి మాత్ర తర్వాత నాలుగు గంటలకే మోగినట్టు. పడమరకు వెళ్లినవాళ్లకు ఇంకా ప్రమాదం. నాలుగు గంటలు వెనకున్న చోట దిగితే రెండింటి అలారం నాలుగు గంటలు ఆలస్యంగా మోగుతుంది, ఎనిమిది గంటల ఎడం పన్నెండు అయిపోతుంది. అలారం మోగింది కదా, టైముకే వేసుకున్నాం అనుకుంటారు. అనుమానమే రాదు.

దీనికి మందు కూడా అదే ఫోన్లో ఉంది. ప్రయాణం రోజుల్లో అలారం తీసేసి, మాత్ర మింగిన వెంటనే ఎనిమిది గంటల టైమర్ పెట్టుకోవాలి. టైమర్ గడిచిన సమయాన్ని లెక్కపెడుతుంది కాబట్టి టైమ్ జోన్ మారినా, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా దానికి సంబంధం లేదు. ఫోన్ పూర్తిగా స్విచాఫ్ అయితే మాత్రం మోగదు. చేతికి ముల్లుల గడియారం ఉంటే దాన్ని మార్చకుండా ఇంటి టైములోనే ఉంచుకోవడం ఇంకా నమ్మకం.

నేను చెప్పే మరో పద్ధతికి మార్కర్ పెన్ చాలు. స్ట్రిప్పు వెనుక రేకు మీద ప్రతి మాత్ర దగ్గర, అది వేసుకున్నాక ఏ రోజో, ఏ టైమో రాయాలి. "సోమ 6", "సోమ 2", "సోమ 10" అని. ప్రయాణంలో అయితే ఇంటి టైమే రాయాలి, రెండు టైములు కలిపితే తికమక. అలసిపోయి డ్యూటీ దిగినప్పుడు, జెట్‌లాగ్‌లో ఉన్నప్పుడు "వేసుకున్నానా, లేదా?" అనే టెన్షన్ అందరికీ వస్తుంది. వేసుకోలేదనుకుని ఇంకొకటి మింగడం, వేసుకున్నాననుకుని మానేయడం రెండూ జరుగుతుంటాయి. రేకు మీద అంకె ఉంటే చర్చే లేదు.

అన్ని మందులూ ఇలా కావు

ఇప్పటిదాకా చెప్పింది ఒంట్లోంచి త్వరగా పోయే మందుల గురించి. అమాక్సిసిలిన్, సెఫాలెక్సిన్, పెనిసిలిన్ వి ఆ కోవలోవి. అజిత్రోమైసిన్‌కు ఇంత పట్టింపు అక్కర్లేదు. అది కణజాలంలోకి చొచ్చుకుపోయి రోజుల తరబడి నిలుస్తుంది, సగం కావడానికే సుమారు 68 గంటలు పడుతుంది. రోజుకు ఒకటే, మూడు నాలుగు గంటలు అటూ ఇటూ అయినా కొంప మునగదు. డాక్సీసైక్లిన్ కూడా నెమ్మదిగానే పోతుంది, సగం కావడానికి 18 నుంచి 22 గంటలు. కాబట్టి దానికి ఎడం కన్నా వేరే జాగ్రత్త ముఖ్యం. మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. నైట్ డ్యూటీ దిగి, వేసుకుని, మంచం మీద వాలిపోయేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. గ్లాసు నిండా నీళ్లతో మింగి, కనీసం అరగంట నిటారుగా ఉండాలి. లేదంటే దాన్ని డ్యూటీకి వెళ్లేముందుకు మార్చుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతోనో, యాంటాసిడ్‌తోనో, ఐరన్ లేదా కాల్షియం మాత్రలతోనో కలిపి వేసుకుంటే అది రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. డ్యూటీ మధ్యలో పుల్ల తేన్పులకు యాంటాసిడ్ వేసుకునే అలవాటున్నవాళ్లు దీన్ని ఫార్మసిస్టుతో మాట్లాడుకోవాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పైన వేసిన లెక్కలేవీ వర్తించవు. వాళ్ల ఒంట్లో మందు చాలాసేపు నిలుస్తుంది కాబట్టి డాక్టరు కావాలనే ఎడం పెంచి రాస్తారు. దాన్ని ఎనిమిది గంటలకు దించకూడదు. టీబీ మందుల టైము కూడా సొంతంగా జరపవద్దు.

అసలు మందు రాసేటప్పుడే "నాకు నైట్ డ్యూటీ" అనో, "ఎల్లుండి విమానం ఎక్కుతున్నాను" అనో డాక్టరుకు చెబితే సగం చిక్కు అక్కడే తీరుతుంది. కొన్ని ఇన్ఫెక్షన్లకు పన్నెండు గంటలకోసారి వేసుకునే పెద్ద డోసు అమాక్సిసిలిన్ ఉంది, రోజుకు ఒకసారి చాలే వేరే మందులూ ఉండవచ్చు. మార్చవచ్చా లేదా అన్నది జబ్బును బట్టి వాళ్లు తేలుస్తారు. మనంతట మనం ఎనిమిది గంటల మాత్రల్ని రెండేసి కలిపి పన్నెండు గంటలకోసారి చేసుకోకూడదు. ఎందుకో పైన లెక్కలో చూశాం.

టైములు చెదిరాయని ఒంట్లో ఎలా తెలుస్తుంది? ఒక్క డోసు ఆలస్యమైతే సాధారణంగా ఏమీ తెలియదు. రోజూ ఒకే వేళకు, అదీ పెద్ద ఎడం చివర్లో, జ్వరమో నొప్పో మళ్లీ లేస్తుంటే అనుమానించాలి. తగ్గినట్టే తగ్గి రెండో మూడో రోజున జ్వరం తిరగబెట్టినా, మందు మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా గుణం కనిపించకపోయినా డాక్టరుకు ఫోన్ చేయాలి. టైములు తప్పడం ఒక్కటే దానికి కారణం కాకపోవచ్చు. మందే ఆ బాక్టీరియాకు పడకపోవచ్చు, చీము తీయాల్సి ఉండవచ్చు, అది బాక్టీరియా జబ్బే కాకపోవచ్చు. ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు మొదట అడిగేది ఏ మందు, ఎన్ని రోజుల నుంచి, ఎలా వేసుకుంటున్నారు అనే. అప్పుడు "రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నాను" అని చెప్పకండి. స్ట్రిప్పు తిప్పి, రేకు మీద రాసుకున్న టైముల్ని వరుసగా చదివి వినిపించండి.